మంగళగిరి కాటన్ దుస్తులు, వాటి ప్యాకింగ్: పర్యావరణం గురించి మేము చెప్పగలిగినంత

పేజీ పైభాగాన నిలిపి ఉంచే పోస్టు

ఈ దీపావళికి వస్తున్న మా దుస్తుల మీద గానీ, వాటి పెట్టెల మీద గానీ ‘పర్యావరణ హితం’, ‘ప్రకృతికి మేలు’, ‘గ్రీన్’ వంటి మాటలు మీకు కనిపించవు. పచ్చని ఆకు బొమ్మ కూడా ఉండదు. ఒక చొక్కాలో నూలు, రంగు, కుట్టు దారం, గుండీ, కవరు, రవాణా ఇన్ని ఉండగా, వాటిలో ఏదో ఒకటి బాగుందని మొత్తానికే మంచి పేరు తగిలించడం సరికాదని మా అభిప్రాయం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో జారీ చేసిన మార్గదర్శకాలు కూడా ఇటువంటి మాటలను తగిన వివరణ, ఆధారం లేకుండా వాడరాదనీ, చెప్పే సంగతి వస్తువుకు వర్తిస్తుందో, తయారీకి వర్తిస్తుందో, ప్యాకింగ్‌కు వర్తిస్తుందో తెలపాలనీ అంటున్నాయి. అందుచేత ప్రతి దుస్తు కింద మేము ఏ భాగం గురించి మాట్లాడుతున్నామో, ఆ మాట ఎక్కడితో ఆగుతుందో రాస్తున్నాం.

చేనేత చీర, ముదురు ఆకుపచ్చ, జరీ అంచు

ఈ చీరను మంగళగిరిలో గుంట మగ్గం మీద, పడుగు, పేక రెండూ 80 నంబరు నూలుతో, చేత్తో నేశారు. నేత దశలో కరెంటు వాడలేదు. ఈ మాట నేతకు మాత్రమే వర్తిస్తుంది. నూలు మిల్లులో కరెంటుతోనే వడికి చిలపలుగా వచ్చింది, అద్దకం దగ్గర నీళ్లు కాచడానికి కట్టెలు వాడారు. రంగు రసాయన రంగు. అందులో నిషేధిత అజో రంగులు లేవు గానీ, దాన్ని మా ప్రత్యేకతగా చెప్పుకోవడం లేదు, ఎందుకంటే ఆ రంగులను మన దేశంలో 1997లోనే నిషేధించారు. చట్టం అందరినీ చేయమన్న పనిని ఘనతగా అచ్చు వేయడం మాకు నచ్చదు. అంచులోని జరీ లోహపు పూత వేసిన పాలిస్టర్ కాబట్టి చీర ఒడలు కాటన్ అని రాశాం తప్ప చీర మొత్తం నూరు శాతం కాటన్ అని రాయలేదు. చీరకు ఉన్న హ్యాండ్‌లూమ్ మార్క్ ఇది చేనేత అని మాత్రమే తెలుపుతుంది. దాన్ని పర్యావరణ ధ్రువపత్రంగా చదవవద్దని మనవి.

పొడుగు చేతుల కుర్తా, కోరా రంగు

కుర్తా గుడ్డ పూర్తిగా సేంద్రియ పత్తిది. నూలు మిల్లుకు సేంద్రియ వస్త్రాల అంతర్జాతీయ ప్రమాణమైన గాట్స్ ధ్రువీకరణ ఉంది, మేము కొన్న సరుకుకు మిల్లు ఇచ్చిన లావాదేవీ పత్రం మా దగ్గర ఉంది. అయినా కుర్తా మీద గాట్స్ గుర్తు వేయలేదు. ఆ గుర్తు వేయాలంటే నూలుతో పాటు నేత, కుట్టు వంటి తర్వాతి దశలన్నీ ధ్రువీకరణ పొంది ఉండాలి. మా కుట్టు యూనిట్‌కు అది లేదు. కుట్టు దారం పాలిస్టర్, గుండీలు కొబ్బరి చిప్పవి. గుడ్డకు రంగు వేయలేదు కాబట్టి అద్దకానికి పట్టే నీరు, రంగు, ఉప్పు దీనికి పట్టలేదు. అయితే నూలులోని మైనం, మురికి పోవడానికి ఒకసారి సోడాతో ఉడికించారు. అక్కడక్కడ కనిపించే గోధుమ రంగు చుక్కలు పత్తి గింజ పొట్టువి, లోపం కాదు.

నీలిమందు దుపట్టా

దీని నీలం రంగు నీలి ఆకు నుంచి తీసిన నీలిమందుతో వచ్చింది. అద్దకం తొట్టిని సున్నం, బెల్లంతో పులియబెడతారు, ఆ నీటిని ప్రతి విడతకూ పారబోయకుండా మళ్లీ మళ్లీ బలం కలిపి వాడతారు. అద్దిన తర్వాత గుడ్డను జాడించే నీటిని మాత్రం మేము కొలవలేదు. కనుక ‘నీరు ఆదా చేసే దుపట్టా’ అని రాయడం లేదు. మొదటి కొన్ని ఉతుకుల్లో రంగు దిగుతుంది. విడిగా, చల్లని నీటిలో ఉతికి నీడలో ఆరేయండి.

సంచి, బూడిద రంగు

సంచి గుడ్డలో 40 శాతం తిరుప్పూరు బనియన్ల తయారీలో మిగిలిన కటింగు ముక్కలను పీచుగా విడదీసి మళ్లీ వడికిన పత్తి, మిగతా 60 శాతం కొత్త పత్తి. విడదీసినప్పుడు పీచు పొట్టిదైపోయి దారం బలం తగ్గుతుంది, బరువు మోయాల్సిన సంచికి కొత్త పత్తి కలపక తప్పలేదు. ఈ ముక్కలు ఫ్యాక్టరీ నేల మీద మిగిలినవి. ఎవరో కట్టి విడిచిన పాత బట్టలను సేకరించి చేసిన సంచి ఇది కాదు. రెండింటినీ ‘రీసైకిల్డ్’ అనే ఒక్క మాట కింద కలిపేయడం మామూలైపోయింది గనుక విడదీసి చెబుతున్నాం.

వాన కోటు

పైగుడ్డ పూర్తిగా వాడిన నీళ్ల సీసాల నుంచి తీసిన పాలిస్టర్, జిప్పు కొత్త ప్లాస్టిక్. ఇది ప్లాస్టిక్ గుడ్డే, ఉతికిన ప్రతిసారీ సన్నని పోగులు నీటిలో కలుస్తాయి, మట్టిలో కలిసిపోదు. తుడిస్తే పోయే మురికికి ఉతకవద్దు.

పెట్టె అడుగున అచ్చు వేసేది

ఈ పెట్టె బరువు 96 గ్రాములు. ఇదే కొలతలతో 2024లో వాడిన పెట్టె 142 గ్రాములు; అంటే ఒక్కో పెట్టెకు 46 గ్రాముల అట్ట తగ్గింది. ఈ పోలిక మా పాత పెట్టెతోనే, ఇతర సంస్థల పెట్టెలతో కాదు. అంటించిన టేపు కాగితపుది, పెట్టెతో పాటు పాత కాగితాల వారికి ఇవ్వవచ్చు.

వానాకాలపు లోపలి కవరు

ఈ కవరు ప్లాస్టిక్‌దే. తడిసిన చీర తిరిగి వస్తే దాన్ని మళ్లీ పంపడానికి అయ్యే రవాణా, కొత్త ప్యాకింగ్ లెక్కలోకి తీసుకుని, జూన్ నుంచి అక్టోబరు వరకు మాత్రమే దీన్ని వాడుతున్నాం. సగం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్, సగం కొత్తది. దీని మీద 4 అంకె ఉన్న త్రికోణం ప్లాస్టిక్ రకాన్ని చెప్పే గుర్తు. మీ ఊళ్లో దీన్ని తీసుకుంటారన్న హామీ అందులో లేదు. శుభ్రంగా, పొడిగా ఉంచి పొడి చెత్తలో వేయండి.

చేతి రుమాళ్ల పారదర్శక సంచి

దీన్ని ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి పరీక్షించిన కంపోస్టబుల్ పదార్థంతో చేశారు. ఆ ప్రమాణం వేడి, తేమ అదుపులో ఉండే కంపోస్టు కేంద్రాలకు సంబంధించినది. పెరటి గుంతలో, చెరువులో, రోడ్డు పక్కన ఇది ఎప్పటికి కరుగుతుందో మేము చెప్పలేం, ‘మట్టిలో కలిసిపోతుంది’ అని అందుకే రాయలేదు. మామూలు ప్లాస్టిక్‌తో కలిపి రీసైక్లింగ్‌కు ఇవ్వకండి, ఆ సరుకు చెడిపోతుంది.

‘కార్బన్ న్యూట్రల్’ అని ఎందుకు రాయరని అడిగిన వారికి

రాయాలంటే పత్తి చేను నుంచి మీ గుమ్మం దాకా ప్రతి దశలో ఉద్గారాలు కొలవాలి. మా దగ్గర దుకాణం, గోదాముల కరెంటు బిల్లులు మాత్రమే ఉన్నాయి. ఎక్కడో మొక్కలు నాటించి ఆ లెక్క సరిపోయిందని ప్రకటించే ఆలోచన మాకు లేదు. పైన రాసిన వాటిలో దేనికైనా పత్రం చూడాలనుకుంటే పెట్టె మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయండి, లేదా బిల్లు నంబరుతో దుకాణంలో అడగండి; ఆ సరుకు విడత పత్రాల నకలు ఇస్తాం.