పవర్ పోజ్ పేపర్ సారాంశం: ప్లేస్‌మెంట్ సెల్ కోసం

మేడమ్,

సోమవారం ఫైనలియర్ పిల్లలకు పంచబోయే ఇంటర్వ్యూ హ్యాండవుట్ నాలుగో పేజీలో ఒక పెట్టె కట్టి ఇలా రాశారు: "నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడండి. ధైర్యాన్నిచ్చే హార్మోన్ పెరుగుతుంది, టెన్షన్ హార్మోన్ తగ్గుతుంది. ఇది సైన్స్ నిరూపించిన విషయం." దీనికి ఆధారం ఏమిటని మీరు అడిగితే అమీర్‌పేట నుంచి వచ్చే ట్రైనర్ గారు ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు. అందులో ఉన్నది పేపర్ అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే. మీరు చెప్పినట్టు పేపర్ మొత్తం చదివి సారాంశం రాస్తున్నాను. స్టాటిస్టిక్స్ వాడిని కదా, లెక్కల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను, ఏమీ అనుకోకండి.

ఈ పేపర్ పవర్ పోజ్ గురించి, అంటే బలంగా కనిపించేలా ఒళ్లు విప్పుకుని కూర్చోవడం, నిలబడటం గురించి. 2010లో సైకలాజికల్ సైన్స్ అనే జర్నల్‌లో వచ్చింది. రాసినవారు డానా కార్నీ, ఏమీ కడీ, ఆండీ యాప్. 2012లో కడీ ఇచ్చిన టెడ్ ప్రసంగంతో ఇది ప్రపంచమంతా పాకింది. మన ట్రైనర్ గారి దాకా వచ్చిందీ ఆ దారినే అయ్యుంటుంది.

అబ్‌స్ట్రాక్ట్ చెప్పేది ఇదీ. ఒళ్లు విప్పుకుని, చోటు ఆక్రమించుకుని కూర్చున్నవాళ్లలో, నిలబడ్డవాళ్లలో టెస్టోస్టిరాన్ పెరిగింది, కార్టిసాల్ తగ్గింది. హ్యాండవుట్‌లోని ధైర్యం హార్మోన్, టెన్షన్ హార్మోన్ ఇవే. తమకు బలం ఉందన్న భావన, రిస్క్ తీసుకునే తెగువ పెరిగాయి. ముడుచుకున్నవాళ్లలో దీనికి వ్యతిరేకంగా జరిగింది. ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఇదే ఫలితం. ఒక్కో నిమిషం చొప్పున రెండు పోజులు పెడితే మనిషి అప్పటికప్పుడు బలవంతుడైపోతాడని, దీనికి నిజ జీవితంలో ఉపయోగం ఉందని చివరి వాక్యం.

ఎంతమంది మీద ప్రయోగం చేశారో అబ్‌స్ట్రాక్ట్‌లో ఎక్కడా లేదు. లోపలికి వెళ్తే తెలుస్తుంది: 42 మంది. 26 మంది ఆడవాళ్లు, 16 మంది మగవాళ్లు. వాళ్లను మళ్లీ రెండు గుంపులు చేశారు. అంటే మగవాళ్లను సమంగా పంచినా గుంపుకు ఎనిమిది మంది. మన బి సెక్షన్ వెనక రెండు బెంచీలంత! టెస్టోస్టిరాన్ స్థాయి ఆడవాళ్లకూ మగవాళ్లకూ చాలా తేడాగా ఉంటుంది. ఇంత చిన్న గుంపుతో "ఆడా మగా ఇద్దరిలోనూ" అన్న మాటకు ఎంత బరువు ఇవ్వాలో మీరే చూడండి.

ప్రయోగం తీరు సులువే. ముందు లాలాజలం తీసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరి చేత రెండు పోజులు పెట్టించారు. బలమైన పోజులంటే, బల్ల మీద కాళ్లు చాపి తల వెనక చేతులు పెట్టుకోవడం ఒకటి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి నిలబడటం ఇంకొకటి. మన హ్యాండవుట్‌లోని "నడుం మీద చేతులు" ఈ ప్రయోగంలో లేనే లేదు. తర్వాత ఒక చిన్న జూదం: చేతిలో ఉన్న రెండు డాలర్లు ఉంచుకుంటారా, రెట్టింపు కోసం పాచిక వేస్తారా? పోజులు అయ్యాక సుమారు 17 నిమిషాలకు మళ్లీ లాలాజలం.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మామూలుగా కూర్చున్న గుంపు ఈ ప్రయోగంలో లేదు. విప్పుకున్నవాళ్లను ముడుచుకున్నవాళ్లతో పోల్చారంతే. కాబట్టి తేడా ఉందని ఒప్పుకున్నా, అది విప్పుకోవడం వల్ల వచ్చిన లాభమో, ముడుచుకోవడం వల్ల వచ్చిన నష్టమో తెలియదు. రెండోది, ఇంటర్వ్యూ ఎవరూ ఇవ్వలేదు. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో ఇది పనికి రావచ్చన్న మాట పేపర్ చివర ఉంది, అదీ "బహుశా" అని. మన హ్యాండవుట్‌లో ఆ "బహుశా" ఎగిరిపోయింది.

ఇప్పుడు జూదం లెక్క. బలమైన పోజు పెట్టినవాళ్లలో 86.36 శాతం మంది రిస్క్ తీసుకున్నారని, రెండో గుంపులో 60 శాతం అని పేపర్‌లో ఉంది. శాతాలుగా చూస్తే పెద్ద తేడాలాగే కనిపిస్తుంది. మనుషుల్లోకి మార్చి చూశాను: 22 మందిలో 19 మంది, 20 మందిలో 12 మంది. మామూలు కై-స్క్వేర్ పరీక్షతో పీ-వాల్యూ, అంటే నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం, 0.052 వస్తుంది. అది 0.05 కన్నా తక్కువ ఉంటేనే తేడాను లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ, అంటే ఆ గీత దాటలేదు. పేపర్ వాళ్లు అదే లెక్కను ఇంకో రకంగా చేసి 0.049 తెచ్చి, గీతకు ఇవతల పడేశారు. ఆ 19 మందిలో ఒక్కరు "నాకొద్దులే" అని రెండు డాలర్లు జేబులో వేసుకుని ఉంటే పీ-వాల్యూ 0.12 దగ్గరికి పోతుంది. ఒక్క మనిషి మేడమ్! కాగితం మీద చేశాను, కావాలంటే స్టాఫ్ రూమ్‌కి వచ్చి చూడండి.

టెస్టోస్టిరాన్ సంగతి ఇంకా చిక్కు. జూదంలో గెలిచారో లేదో వెంటనే చెప్పేశారు, రెండోసారి లాలాజలం తీసింది ఆ తర్వాత. గెలుపు వల్ల కూడా టెస్టోస్టిరాన్ పెరగొచ్చు. పాచిక వేస్తేనే గెలుపు, ఎక్కువగా వేసింది బలమైన పోజు గుంపు. మరి ఆ పెరుగుదల పోజుదా, గెలుపుదా? పేపర్ విడదీసి చూపలేదు.

ఈ మాట నేను కనిపెట్టింది కాదు. మొదటి రచయిత కార్నీయే 2016లో ఒక ప్రకటన రాసి తన వెబ్‌పేజీలో పెట్టారు. పవర్ పోజ్ ప్రభావాలు నిజమని తాను నమ్మడం లేదని అందులో చెప్పారు. శాంపిల్ చాలా చిన్నదని, ప్రయోగం నడిపినవాళ్లకు ఏ ఫలితం రావాలో ముందే తెలుసని, కొంతమందిని చేర్చుకుంటూ మధ్యమధ్యలో ఫలితం చూసుకున్నామని, బలం గురించి చాలా ప్రశ్నలు అడిగి పనికొచ్చినవే పేపర్‌లో పెట్టామని రాశారు. సొంత పేపర్ గురించి ఇలా రాయడానికి ధైర్యం కావాలి. దాని కోసం ఆవిడ ఏ పోజూ పెట్టి ఉండరనుకుంటా.

అంతకుముందే, 2015లో, ఎవా రానెహిల్ బృందం 200 మందితో దీన్ని మళ్లీ చేసి చూసింది. హార్మోన్లలో మార్పు కనిపించలేదు, రిస్క్ తీసుకోవడంలోనూ కనిపించలేదు. "నాకు బలంగా అనిపిస్తోంది" అని జవాబిచ్చినవాళ్లు మాత్రం బలమైన పోజు గుంపులో ఎక్కువే. పోజులు పట్టి ఉంచిన సమయం వేరు, ప్రయోగం నడిపిన పద్ధతి కొంచెం వేరు కాబట్టి అచ్చం అదే ప్రయోగం అనలేం. అయినా శాంపిల్ దాదాపు ఐదింతలు. కడీ మాత్రం బలంగా అనిపించడం గురించిన తన వాదన వదులుకోలేదు. ఆ ఒక్క విషయంలో ఆవిడ వైపు ఆధారం ఉందనే నేనూ అనుకుంటున్నాను.

కాబట్టి నాలుగో పేజీ పెట్టెలో హార్మోన్ల మాట, "సైన్స్ నిరూపించిన" మాట రెండూ తీసేయమని నా సలహా. వాటి బదులు ఇది వేయించండి:

"లోపలికి పిలిచే ముందు ఫోన్ మీదకు వంగి ముడుచుకోకుండా నిటారుగా, హాయిగా కూర్చోండి. కొందరికి దీనివల్ల ధైర్యంగా అనిపిస్తుంది. దీనివల్ల ఇంటర్వ్యూ బాగా చేస్తారనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు, ప్రాజెక్టు మీద వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇంట్లోనే బయటికి చెప్పుకుని రండి."

ట్రైనర్ గారికి నేనే ఫోన్ చేసి చెబుతాను, మీకు ఇబ్బంది వద్దు. ప్రింట్‌కి శుక్రవారం ఇస్తారట, ఈలోపే పేజీ మార్పిస్తే సరి.