నిన్నటి టెర్మినాలజీ క్లాసు నుంచి కార్డులు: తెలియని పదాన్ని విడదీసి చదవడం

మెడికల్ కోడింగ్ కొత్త బ్యాచ్ వాళ్లందరికీ. నిన్న సార్ చెప్పిన పదాలన్నీ నోట్సులో వరసగా ఎక్కించి, రాత్రి కూర్చుని బట్టీ పడదామని చూస్తున్నవాళ్లు ఆ పని ఇక్కడితో ఆపండి. మనలో బోటనీ చదివినవాళ్లున్నారు, ఫార్మసీ వాళ్లున్నారు, ఫిజియోథెరపీ వాళ్లున్నారు. ఎవరు ఎంత బట్టీ పట్టినా, రేపు అమెరికా నుంచి వచ్చే పేషెంట్ చార్టులో డాక్టరు రాసిన పదం సార్ చెప్పిన లిస్టులో ఉంటుందని నమ్మకం లేదు. ముక్కలు మాత్రం అవే ఉంటాయి. ముందు వచ్చేది ప్రిఫిక్స్, మధ్యలో రూట్, చివర సఫిక్స్. కార్డు ముక్కకి చెయ్యాలి, మొత్తం పదానికి కాదు.

కోడర్ సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్షలో 4 గంటల్లో 100 ప్రశ్నలు. కోడ్ పుస్తకాలు పక్కనే పెట్టుకోనిస్తారు, నిజమే, కానీ పదం ఏ అవయవానికి సంబంధించిందో, దానికి ఏం చేశారో తెలియకపోతే ఆ పుస్తకంలో ఏ పేజీ తియ్యాలి? ఆపరేషన్లు, పరీక్షల కోడ్ పుస్తకం సీపీటీలో జీర్ణవ్యవస్థ సర్జరీలు 40 వేల సిరీస్‌లో, కిడ్నీవి 50 వేల సిరీస్‌లో మొదలవుతాయి. రూట్ చూడగానే ఏ సెక్షన్‌కి వెళ్లాలో తెలుస్తుంది, సఫిక్స్ చూస్తే అక్కడ ఏం వెతకాలో తెలుస్తుంది. ఇందుకే ఈ కార్డుల మీద నాకింత పట్టుదల.

స్టేషనరీ షాపులో మూడు రంగుల చార్ట్ పేపర్ కొని అరచేతి సైజులో కత్తిరించండి. పసుపు ప్రిఫిక్స్‌కి, తెలుపు రూట్‌కి, నీలం సఫిక్స్‌కి. ముందు వైపు ఆ ముక్క ఒక్కటే, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో, గీతతో సహా. ప్రిఫిక్స్‌కి గీత వెనక పెట్టాలి, సఫిక్స్‌కి ముందు పెట్టాలి, అప్పుడు ఎటువైపు అతుక్కుంటుందో కంటికి కనిపిస్తుంది. వెనక మూడు లైన్లే రాయండి. ఒకటి తెలుగులో అర్థం, మూడు నాలుగు మాటల్లో. రెండోది క్లాసులో విన్న పదం. మూడోది క్లాసులో వినని పదం, మీరే డిక్షనరీలో వెతికి పట్టుకున్నది. చాలామంది ఈ మూడో లైన్ వదిలేస్తారు, కానీ కార్డుకి ప్రాణం అదే, ఎందుకంటే ఆ ముక్క ఇంకోచోట కూడా అదే అర్థం ఇస్తుందని మీకు మీరే రుజువు చేసుకునేది అక్కడే.

నా కార్డుల్లోంచి కొన్ని, ఇక్కడ చదవడానికి తెలుగు లిపిలో:

నీలం కార్డు. ముందు: -ఎక్టమీ. వెనక: కోసి తీసేయడం. క్లాసు: అపెండెక్టమీ. కొత్తది: స్ప్లీనెక్టమీ.

నీలం కార్డు. ముందు: -పీనియా. వెనక: తక్కువగా ఉండడం. క్లాసు: ల్యూకోపీనియా. కొత్తది: ఆస్టియోపీనియా.

పసుపు కార్డు. ముందు: పెరి-. వెనక: చుట్టూ. క్లాసు: పెరికార్డియమ్. కొత్తది: పెరియాస్టియమ్, అంటే ఎముక చుట్టూ ఉండే పొర.

తెల్ల కార్డు. ముందు: గాస్ట్ర్/ఓ. వెనక: పొట్ట, జీర్ణాశయం. క్లాసు: గాస్ట్రైటిస్. కొత్తది: గాస్ట్రోపెరీసిస్.

ఆ చివరి కార్డులో అడ్డగీత తర్వాత ఉన్న ఓ సంగతి సార్ త్వరత్వరగా చెప్పి దాటేశారు, కాస్త ఆగి చూడండి. సఫిక్స్ అచ్చుతో మొదలైతే ఓ పడిపోతుంది: గాస్ట్ర్, ఐటిస్ కలిసి గాస్ట్రైటిస్. హల్లుతో మొదలైతే నిలుస్తుంది: గాస్ట్రోస్కోపీ. రెండు రూట్లు పక్కపక్కన వస్తే మాత్రం రెండోది అచ్చుతో మొదలైనా సాధారణంగా ఓ ఉంటుంది: గాస్ట్రోఎంటరైటిస్. ఇది తెలిస్తే పొడుగు పదంలో ఓ కనిపించిన చోటల్లా అక్కడ అతుకు ఉందేమో అని కన్ను ఆగుతుంది.

ఇప్పుడు చదవడం. పదాన్ని చివరి నుంచి పట్టుకోవాలి. ముందు సఫిక్స్, తర్వాత పదం మొదటికి వెళ్లి ప్రిఫిక్స్ ఉంటే అది, ఆ తర్వాత మధ్యలో ఉన్న రూట్లు. కోలెడొకోలిథియాసిస్ తీసుకోండి. చూడగానే టెన్షన్ పెట్టే పదం. చివర ఇయాసిస్, అంటే ఒక స్థితి, ఒక జబ్బు. ప్రిఫిక్స్ లేదు. మొదటి ముక్క కోలె, పిత్తం, బైల్. తర్వాత డోక్, నాళం. తర్వాత లిథ్, రాయి. పిత్తనాళంలో రాయి ఉండడం, అంతే. జబ్బుల కోడ్ పుస్తకం ఐసీడీలో కే80 కేటగిరీ. ఇదే కోలె పక్కన సిస్ట్, అంటే సంచి, వచ్చి చివర ఎక్టమీ తగిలితే కోలెసిస్టెక్టమీ, గాల్ బ్లాడర్ తీసేయడం. లాప్రోస్కోపీలో చేస్తే సీపీటీ కోడ్ 47562, ఓపెన్‌గా చేస్తే 47600. ఈఆర్‌సీపీ అనే పరీక్ష పేరులో చివరి రెండు అక్షరాల వెనకున్న కోలాంజియోపాంక్రియాటోగ్రఫీ కూడా ఇలాగే విడిపోతుంది: కోల్ పిత్తం, ఆంజి నాళం, పాంక్రియాట్ క్లోమం, గ్రఫీ చిత్రం తీయడం. మూడు పదాలకీ కోలె కార్డు ఒక్కటే.

సర్జరీ సఫిక్స్‌లు మాత్రం ఒక కట్టగా రబ్బరు బ్యాండ్ వేసి విడిగా ఉంచండి. ఓటమీ అంటే కోయడం. ఎక్టమీ అంటే తీసేయడం. ఆస్టమీ అంటే బయటికో, ఇంకో అవయవంలోకో దారి పెట్టడం. కొలెక్టమీలో పెద్దపేగు భాగం పోతుంది, కొలాస్టమీలో పేగుని పొట్ట గోడ మీదికి తెచ్చి తెరుస్తారు. ఒకే ఆపరేషన్‌లో రెండూ జరగొచ్చు, అప్పుడు చార్టు మొత్తం చదవాల్సిందే. ప్లాస్టీ బాగుచేయడం, పెక్సీ కదలకుండా నిలిపి కుట్టడం, రాఫీ కుట్టు వేయడం, సెంటెసిస్ సూదితో గుచ్చి నీరు తీయడం, డెసిస్ రెండు ఎముకలు అతుక్కునేలా చేయడం. ఆర్థ్రోసెంటెసిస్‌లో మోకాల్లోంచి నీరు తీసి పేషెంట్‌ని ఇంటికి పంపించొచ్చు, ఆర్థ్రోడెసిస్ అంటే ఆ కీలు ఇక వంగదు. కోడర్ ఈ రెండూ కలిపేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరిగొస్తుంది, తిరిగి రావాలి కూడా.

గ్రామ్, గ్రాఫ్, గ్రఫీ కూడా ఈ కట్టలోనే వేసుకోండి: గ్రామ్ చేతికొచ్చే రికార్డు, గ్రాఫ్ తీసే మిషను, గ్రఫీ తీసే పని.

ఒకే అవయవానికి రెండు రూట్లు ఎందుకని నిన్న ఒకమ్మాయి అడిగింది, మంచి ప్రశ్న. ఒకటి గ్రీకు నుంచి, ఒకటి లాటిన్ నుంచి వచ్చాయి. కిడ్నీకి నెఫ్ర్ గ్రీకు, రెన్ లాటిన్. మామూలుగా అవయవ భాగాల పేర్లలో లాటిన్ కనిపిస్తుంది, రీనల్ ఆర్టరీ లాగా. జబ్బులు, ఆపరేషన్ల పేర్లలో గ్రీకు ఎక్కువ: నెఫ్రైటిస్, నెఫ్రెక్టమీ. చర్మం క్యుటేనియస్, జబ్బు డెర్మటైటిస్. కన్ను ఆక్యులర్, పరీక్ష ఆఫ్తాల్మోస్కోపీ. ఈ జంటల్ని ఒకే తెల్ల కార్డు మీద పైన ఒకటి, కింద ఒకటి రాయండి. విడివిడిగా రాస్తే రెండు వేర్వేరు అవయవాలనుకునే ప్రమాదముంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది కవల ముక్కల మీద. వీటిని ఎర్ర పెన్నుతో రాసి, రెండూ ఒకే కార్డు మీద ఎదురెదురుగా పెట్టండి. హైపో తక్కువ, హైపర్ ఎక్కువ. ఇంటర్ రెండింటి మధ్య, ఇంట్రా లోపల. ఆంటి వ్యతిరేకం, ఆంటె ముందు. సిస్ట్ సంచి, సైట్ కణం. మై కండరం, మైక్ ఫంగస్, మైయల్ మజ్జ లేదా వెన్నుపాము. పై చీము, పైయల్ కిడ్నీలో మూత్రం చేరే భాగం, పైర్ జ్వరం. యురెటర్ కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా, యురెత్రా బ్లాడర్ నుంచి బయటికి.

ఇలియం దగ్గర మరీ జాగ్రత్త. మనం పలికేది ఒకటే, తెలుగులో రాసినా ఒకటే, కానీ స్పెల్లింగ్‌లో మధ్య అక్షరం ఈ అయితే చిన్నపేగు చివరి భాగం, ఐ అయితే తుంటి ఎముక. పేగు తిండికి సంబంధించింది కాబట్టి ఈట్‌లో ఉన్న ఈ దానిదే అని గుర్తుపెట్టుకోండి. కార్డు ముందు వైపు ఇంగ్లీష్ స్పెల్లింగే ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

ఇంకో స్పెల్లింగ్ సంగతి. మన డిగ్రీ పుస్తకాల్లో చాలావరకు బ్రిటిష్ స్పెల్లింగ్, చార్టుల్లో అమెరికన్. రక్తానికి మన పుస్తకంలో హెచ్-ఏ-ఈ-ఎం, చార్టులో ఏ ఉండదు. ఎడీమాకి మన దగ్గర ముందు ఓ ఉంటుంది, అక్కడ ఈ తోనే మొదలు. ఇండెక్స్‌లో ఓ కింద వెతికితే దొరకదు. అలాంటి కార్డుల మూలన అమెరికన్ స్పెల్లింగ్ రాసి చుట్టూ గీత గియ్యండి.

ముక్కల అర్థం కలిపితే పదం అర్థం ప్రతిసారీ సరిగ్గా రాదు. ఓమా అంటే గడ్డ అని సార్ చెప్పారు. హెమటోమా ట్యూమర్ కాదు, గడ్డకట్టి చేరిన రక్తం. లింఫోమా, మెలనోమా వినడానికి మామూలు గడ్డల్లా ఉన్నా రెండూ క్యాన్సర్లే. ఎనీమియాని ముక్కల్లో చదివితే రక్తం లేకపోవడం, నిజానికి హీమోగ్లోబిన్ తగ్గడం. ఓసిస్ అంటే స్థితి, కానీ ల్యూకోసైటోసిస్‌లో అది తెల్ల కణాలు పెరగడం. ఇలాంటివి దొరికినప్పుడల్లా నీలం కార్డు అడుగున చుక్క పెట్టి ఆ మినహాయింపు రాయండి. విడదీసి అర్థం ఊహించాక డిక్షనరీ తెరిచి సరిచూసుకోవడం మానొద్దు. పేషెంట్ రికార్డు మీద ఊహతో కోడ్ వెయ్యకూడదు.

ప్రాక్టీసుకి మూడు రంగుల్లోంచి ఒక్కో కార్డు తీసి పదాలు కట్టే ఆట కొందరు ఆడుతున్నారు. ఎక్కడా లేని పదాలు పుడతాయి, దానికన్నా ప్రాక్టీస్ చార్టుల్లోని ఆపరేషన్ నోట్స్ తీసుకోండి. తెలియని పదం కింద పెన్సిల్‌తో అడ్డగీతలు పెట్టి, ముక్కలకి సరిపడే కార్డులు టేబుల్ మీద పేర్చి, అర్థం తెలుగులో పైకి చెప్పండి. కార్డు లేని ముక్క మిగిలితే అప్పటికప్పుడు కొత్త కార్డు రాయండి. తర్వాతి క్లాసులో కూడా సార్ పదం చెప్పగానే డెఫినిషన్ రాసుకోకుండా ముందు అడ్డగీతలు పెట్టుకోండి, అవే ఆ రాత్రికి కార్డులవుతాయి.

ఆదివారం కూర్చునేలోపు ఈ ఐదూ విడదీసి తెండి: పైలోనెఫ్రైటిస్, సాల్పింగో-ఊఫోరెక్టమీ, పెరికార్డియోసెంటెసిస్, ఆస్టియోమైలైటిస్, హెమిప్లీజియా. నాలుగోదాంట్లో మైయల్ మజ్జా, వెన్నుపామా అన్నది పక్కనున్న రూట్ చూసి తేల్చండి, పోలియోమైలైటిస్‌తో పోల్చి కార్డు వెనక రెండు అర్థాలూ రాయండి. సాల్పింగ్ అంటే గొట్టం. అది శరీరంలో రెండు చోట్ల ఉంది, రెండోది చెవి దగ్గర, అదేంటో మీరే పట్టుకురండి.