మన కబడ్డీ పిల్లల కొత్త టీములు: ఆదివారం పొద్దున గ్రౌండ్ల చెప్పిన మాటలు

అందరికీ నమస్తే. అన్నలు, అక్కలు, ఆదివారం పూట పనులిడ్సిపెట్టి వచ్చిండ్రు, కొందరు ఐనవోలు, ధర్మసాగర్ దిక్కు నుంచి బండ్ల మీద వచ్చిండ్రు, సంతోషం. ఎండ ఎక్కకముందే చెప్పేస్త. పిల్లలు చెప్పులు బయట ఇడ్సి మ్యాట్ మీద కూసోండ్రి, అమ్మవాళ్లు చెట్టు కిందికి రాండ్రి, అక్కడ కుర్సీలు ఏసినం.

ముందు అసలు ముచ్చట చెప్త, తర్వాత ఎందుకో చెప్త. రేపు సోమవారం నుంచి వారంల మూడు రోజులు మన దగ్గర అండర్ 14, అండర్ 17 అని వేరేవేరే బ్యాచులు ఉండవు. మొత్తం 48 మంది ఉన్నరు, 24 మంది మగపిల్లలు, 24 మంది ఆడపిల్లలు. పన్నెండు మందికొక టీము లెక్కన నాలుగు టీములు చేసిన. మగపిల్లలయి పాకాల, రామప్ప, ఆడపిల్లలయి లక్నవరం, భద్రకాళి. ఒక్కో టీముల పదకొండేండ్లోళ్ల నుంచి పదిహేడేండ్లోళ్ల దాకా అందరు కలిసి ఉంటరు. చిన్నోళ్లు నలుగురు, నడిమోళ్లు నలుగురు, పెద్దోళ్లు నలుగురు. పేర్ల లిస్టు స్టోర్ రూం తలుపుకు అంటిచ్చిన, చూస్కోండ్రి.

ఈ మాట గ్రూపుల పెట్టిన కాంచి నాకు ఫోన్లే ఫోన్లు. "సార్, మావోడు ముప్పై నాలుగు కిలోలు లేడు, పదిహేడేండ్లోడు వచ్చి మీద పడితె ఎముకలు ఇరుగయా?" అని ఒక అక్క అడిగింది. ఆ అక్క అడిగిందాంట్ల తప్పేం లేదు, నా కొడుకైనా నేను అదే అడుగుత. దానికి జవాబు చెప్తనే ఉన్న, కొంచెం ఓపిక పట్టుండ్రి.

పోయిన ఏడు నేను ఒక తప్పు చేసిన. మీ అందరి ముంగట ఒప్పుకుంట. స్కూల్ గేమ్స్ సెలక్షన్‌కు అండర్ 14 టీము తీస్తుంటె ఒక పిల్లగాడు, డిసెంబర్ల పుట్టిండు, పొట్టిగ సన్నగ ఉంటడు, కాళ్లు మాత్రం మస్తు తేలిక, టో టచ్ చేస్తె కనవడదు, అటువంటోన్ని పక్కకు పెట్టి జనవరిల పుట్టిన బలమైన పిల్లగాన్ని తీస్కున్న. ఇద్దరు లెక్కకు ఒక్కటే ఏడు పుట్టినోళ్లు, కాని నిజంగ చూస్తె పదకొండు నెలల తేడా. పదమూడేండ్ల వయసుల పదకొండు నెలలంటె మామూలు తేడా కాదు. ఆ పిల్లగాడు ఒక నెల వచ్చిండు, మూల నిలవడి చూసిండు, ఇగ రాలే. వాళ్లింటికి రెండుసార్లు పోయిన, "నాకు రాదు సార్ ఆట" అన్నడు. వానికి ఆట రాదని వానికి నేర్పిందే నేను. అది నాకు ఇప్పటికి నిద్రల గుర్తొస్తది.

ఇది నా ఒక్కని గ్రౌండ్ల ముచ్చట కాదు. కెనడాల ఐస్ హాకీ మీద 1980లల్లనే లెక్కలు తీసిండ్రు, పెద్ద టీములల్ల చూస్తె జనవరి, ఫిబ్రవరి, మార్చిల పుట్టినోళ్లే ఎక్కువ కనవడ్డరు, ఎందుకంటె అక్కడ కటాఫ్ జనవరి 1. ముందు పుట్టినోడు కొంచెం పెద్దగ ఉంటడు, సారు వాన్నే తీస్కుంటడు, వానికే ఎక్కువ ప్రాక్టీసు దొరుకుతది, రెండేండ్లకు వాడు నిజంగనే మంచి ప్లేయర్ అయితడు. ఎనుక పుట్టినోడు ఇంటికి పోతడు. మన దగ్గరైతె ఇంకో తిరకాసు, సగం మందికి స్కూల్ల ఏసేటప్పుడు రాసిన తారీఖు ఒకటి, అమ్మ చెప్పే తారీఖు ఇంకొకటి. అయినా టోర్నమెంటుకు పోయేటప్పుడు మాత్రం సర్టిఫికెట్ల ఏది ఉంటె అదే, ఆ తారీఖు దిద్దమని నన్ను ఎవ్వరు అడగొద్దు, ఇప్పుడే చెప్తున్న.

ఇంకోటి. ఆడపిల్లలు సుమారు పన్నెండేండ్లకు ఒక్కసారి జర్రున పొడుగైతరు, మగపిల్లలు పద్నాలుగు దగ్గర. ఇది అందరికి ఒక్కతీరు రాదు, ఒకనికి పన్నెండుకే వస్తది, ఒకనికి పదహారుకు. అందుకే ఒక్కటే క్లాసుల ఒకనికి మీసాలు వస్తయి, పక్కోడు చిన్నపిల్లగాని లెక్కనే ఉంటడు. ఆ పొడుగయ్యే టైంల మోకాలు కింద గడ్డ లెక్క నొప్పి పెడ్తది, మీరు "ఊకె సాకులు చెప్తున్నవ్" అంటరు, సాకు కాదు అన్నా, ఎముక పెరుగుతుంటె తొడ కండ గుంజి నొస్తది, అప్పుడు దుంకుడు తగ్గియ్యాలె. ఇంగ్లండ్ల ఫుట్‌బాల్ అకాడమీలల్ల గూడ వయసు పక్కకు పెట్టి ఒంటి పెరుగుదలను చూసి టీములు చేసి ఆడిచ్చి చూసిండ్రు. మన కబడ్డీల అయితె ఈ తెలివి ముందు నుంచే ఉన్నది, సబ్ జూనియర్‌కు, జూనియర్‌కు ఇన్నేండ్ల లోపు అని ఒక్కటే కాదు, ఇన్ని కిలోల లోపు అని గూడ ఉంటది. కాంట పెట్టి తూచే ఆట మనది.

ఇప్పుడు ఆ అక్క అడిగిన దానికి వస్త. టీముల వయసులు కలుస్తయి కాని, పట్టుడు మాత్రం బరువును బట్టే. ప్రతి నెల మొదటి ఆదివారం అందరిని కాంట మీద ఎక్కిస్త, చేతికి రిబ్బన్ కడ్త. 40 కిలోల లోపు తెల్లది, 40 నుంచి 50 పసుపు, 50 నుంచి 60 ఆకుపచ్చ, 60 పైన ఎరుపు. ఒక్కటే రంగు ఉన్నోళ్ల మధ్యనే పూర్తి టాకిల్. డ్యాష్ ఇచ్చుడు, నడుం పట్టి లేపి ఏసుడు, మీద పడుడు, ఇవన్నీ రంగు దాటి చెయ్యొద్దు. తెల్ల రిబ్బన్ రైడర్ వచ్చిండనుకో, ఎర్ర రిబ్బనోడు పక్కకు జరిగి దారి మూస్తడు, అంతే, చెయ్యి ఎయ్యడు, పట్టాల్సింది తెల్లరిబ్బనోళ్లు. ఎర్ర రిబ్బనోడు రైడ్‌కు పోతె చిన్నోళ్లు చైన్ ల చెయ్యి కలిపి నిలవడొచ్చు గాని కాలు పట్టుడు పెద్దోళ్ల పని. ఈ రూల్ ఎవడు తప్పినా ఆ రోజు వానికి ఆట లేదు, ఎంత పెద్ద రైడర్ అయినా సరే. పెద్దపిల్లలు, మీకే చెప్తున్న, ఇనవడ్డదా?

ఇగ పెద్దపిల్లలు గూడ అలిగిండ్రు, నాకు తెల్సు. "చిన్నోళ్లతోని ఆడితె మా ఆట చెడిపోతది సార్, జిల్లా సెలక్షన్ ఉన్నది." మీ ఆట చెడగొట్టుకునే పని నేను చేస్తనా బిడ్డా? సోమవారం, బుధవారం, శనివారం మాత్రమే కలిసి. మంగళవారం, గురువారం, శుక్రవారం మీ వయసోళ్లు మీరే, పూర్తి స్పీడు, పూర్తి టాకిల్. టోర్నమెంటుకు నెల ముందు నుంచి కలిపి ఆడుడు బంద్, ఎవరి కేటగిరీ వాళ్లదే.

కాని ఒక్క మాట. నేను యాంకిల్ హోల్డ్ ఎక్కడ నేర్సుకున్న? కోచ్ దగ్గర కాదు. మా ఊర్ల వడ్లు కొట్టే కల్లంల, వానకాలం అయిపోయినంక, నాకు పన్నెండేండ్లు, నా కన్నా ఆరేండ్లు పెద్ద అన్న ఒకాయన నా చెయ్యి పట్టుకొని "కాలు పట్టంగనే నువ్వు గూడ కిందికి పో, నిలవడి పట్టితె ఇడిపిచ్చుకుంటడు" అని చూపిచ్చిండు. అప్పుడు వాడకట్టుల వయసు లెక్క ఎవ్వరు చూడకపోతుండె, దొరికినోళ్లందరు కల్సి ఆడుడే. ఆ అన్న చెప్పేటప్పుడు తన కాలు ఎట్ల పడ్తుందో తనకే మొదటిసారి తెలిసిందట, తర్వాత నాతోనే అన్నడు. మీరు లెఫ్ట్ కార్నర్ల నిలవడి ఒక చిన్నదానికి "ఇప్పుడు అడుగు ముందుకు ఏసుకో" అని చెప్పాలంటె మీకు గూడ అడుగు ఎప్పుడు ఎయ్యాల్నో ఎరుక కావాలె.

ఇంకో లాభం గూడ ఉన్నది. బోనస్ గీత తొక్కుడు, టో టచ్, ఇవి బరువుతోని వచ్చే పనులు కావు, తేలిక కాళ్లోళ్లు చేసే పనులు. అవతల ఆరుగురు అంతకంటె ఎక్కువ ఉన్నప్పుడే బోనస్ వస్తది, అందుకే ఆట మొదట్లనే చిన్నోళ్లను రైడ్‌కు పంపుత, ఐదు రైడ్లల్ల కనీసం రెండు వాళ్లయి. ముప్పై సెకండ్లు కూత పెడ్తు ఏడుగురి మధ్య నిలవడితె వానికి భయం పోతది. పెద్దోళ్లు ఔటయి ముగ్గురే మిగిలినప్పుడు సూపర్ టాకిల్‌కు రెండు పాయింట్లు, ఆ ముగ్గురిల ఇద్దరు పన్నెండేండ్లోళ్లు ఉంటరు అనుకో, ఎవరు పిలవాలె, ఎవరు ముందు కదలాలె అని వాళ్లే నోరు తెరిచి చెప్పుకోవాలె. తోటోళ్లల్లనే ఆడితె ఆ నోరు ఎప్పటికి తెరవరు, ఒకడు గట్టిగ ఉంటె వాడే అన్ని చేస్తడు.

టీములకు చెరువుల పేర్లు ఎందుకు పెట్టిన్నంటె, నాలుగు కాకతీయుల కాలం చెరువులే. ఆ కాలంల చెరువులను గొలుసుకట్టుగ తవ్విండ్రు, పై చెరువు మత్తడి దుంకితె ఆ నీళ్లు కింది చెరువుకు పోతయి. నేను అడిగేది పెద్దపిల్లలను అదే.

ఆడపిల్లల అమ్మనాన్నలకు ఒక మాట. పదోతరగతి అయిపోంగనే చాలామంది ఆడపిల్లలు ఆట బంద్ చేస్తున్నరు, ఇంటర్ అంటరు, ఇంట్ల పని అంటరు. మన పక్క పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల దీప్తి జీవంజి 2024ల పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల పరుగుల కాంస్యం తెచ్చింది. అంత పెద్ద మెడల్ తేవాలని నేను మీ పిల్లల మీద బరువు పెడ్తలేను. లక్నవరం, భద్రకాళి టీములల్ల పదిహేడేండ్ల అక్కలను కెప్టెన్లను చేసిన, వాళ్లను చూసి చిన్నపిల్లలు "ఇంటర్‌ల గూడ ఆడొచ్చు" అని అనుకోవాలె, అందుకు ఆ అక్కలను పంపుండ్రి. సాయంత్రం ఆరున్నరకు ఆట బంద్, ఆడపిల్లలు ఊరి వారీగ గుంపులుగ పోతరు, ప్రతి గుంపుకు ఒక పెద్ద పిల్ల, ఇంటికి చేరంగనే గ్రూపుల మెసేజ్ పెట్టాలె, పెట్టకపోతె నేనే ఫోన్ చేస్త.

ఇది బతుకమ్మ సెలవుల దాకా చూద్దాం. సెలవులు మొదలయ్యే ముందు ఆదివారం మళ్ల ఇట్లనే కూసుందాం, ఎవరికి దెబ్బలు తాకినయి, ఎవరు రాకుండ పోయిండ్రు, ఎవరు ఎంత నేర్సిండ్రు అని నోట్‌బుక్కుల రాసింది మీ ముంగట పెడ్త, మీకు నచ్చకపోతె మారుద్దాం. నడిమిట్ల మీ పిల్లగాడు కళ్లు నీళ్లు పెట్టుకొని ఇంటికొస్తె నన్ను వెంటనే అడుగుండ్రి, గ్రూపుల కాదు, నాకే ఫోన్ చేసి.

ఇంకా అడిగేది ఏమన్న ఉంటె చెట్టు కిందికి వస్త, అక్కడే మాట్లాడుకుందాం. పిల్లలు, ఇటు ఇనుండ్రి. గోర్లు కత్తిరిచ్చుకోనోళ్లు రేపు మ్యాట్ ఎక్కొద్దు, ఎవరి నీళ్ల సీసా వాళ్లే తెచ్చుకోవాలె. ఇప్పుడు కాంట దగ్గర లైను కట్టుండ్రి, చిన్నోళ్లు ముందు, పెద్దోళ్లు ఎనుక. కెప్టెన్లు నలుగురు ఇటు వచ్చి రిబ్బన్ల డబ్బా పట్టుకోండ్రి.