బత్తాయి డ్రిప్ వీడియో: మిగిలిన 30,000 గురించి చిన్న రిమైండర్

నమస్తే అన్నా,

దసరా బాగా జరిగిందనుకుంటున్నా. బత్తాయి తోటల్లో డ్రిప్ గురించి చేసిన 90 సెకన్ల యానిమేషన్ ఫైనల్ ఫైళ్లు సెప్టెంబర్ 12న పంపాను, యూట్యూబ్‌కు అడ్డం సైజుది, వాట్సాప్ స్టేటస్‌కు నిలువుది రెండూ. ఓకే అని మీరు అదే రోజు మెసేజ్ పెట్టారు, మొన్న దేవరకొండ దిక్కు రైతుల మీటింగ్‌లో వేశారని కూడా విన్నా, సంతోషం అనిపించింది.

మొత్తం 45,000లో అడ్వాన్స్ 15,000 ముట్టింది. మిగతా 30,000 ఇన్వాయిస్ ప్రకారం 15 రోజుల్లో, అంటే సెప్టెంబర్ 27 లోపు రావాల్సింది, ఈరోజు అక్టోబర్ 21. పండుగ హడావుడిలో మర్చిపోయి ఉంటారు, అర్థం చేసుకోగలను. కానీ సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు వేలకు పైగా ఫ్రేములు, అందులో నీటి చుక్క వేరు దగ్గర ఇంకే సీను మీరు చెప్పినట్టు మూడుసార్లు మార్చాను (మూడోది నిజంగానే బాగా వచ్చింది, అది వేరే సంగతి). వాయిస్ చెప్పిన అమ్మాయికి డబ్బులు నా జేబులో నుంచే ఇచ్చేశాను.

ఈ శుక్రవారం, 24వ తేదీ లోపు వేయగలరా? టీడీఎస్ పట్టుకునేదుంటే పట్టుకొని మిగతాది పంపండి. ఒకేసారి కష్టమైతే సగం ఇప్పుడు, సగం నెలాఖరుకు అన్నా సరే, తేదీ మాత్రం ఖాయంగా చెప్పండి. ఇన్వాయిస్ మళ్లీ జత చేశాను, బ్యాంకు వివరాలు అందులోనే ఉన్నాయి. ఇప్పటికే వేసి ఉంటే ఈ మెయిల్ వదిలేసి, యూటీఆర్ నంబర్ ఒక్కటి పంపండి.

ఉంటా అన్నా,
మీ యానిమేషన్ తమ్ముడు, నల్లగొండ