నూరో బిందె

"నలుగురూ మాట్లాడాలంట. మాట్లాడని వాళ్ళకి ప్రెజెంటేషన్ మార్కులు పడవని నోటీసు బోర్డులో పెట్టారు" అన్నాడు ఫణి, సెమినార్ హాల్లోకి వస్తూనే.

"దాందేముంది! ఇంట్రడక్షన్ నాది, డిజైన్ హారికది, రిజల్ట్స్ నీవి. నాగలక్ష్మికి చివరి స్లయిడ్ ఇచ్చేద్దాం. థాంక్యూ చెప్తే సరిపోతుంది" అన్నాడు వంశీ.

నాగలక్ష్మి సరేనన్నట్టు తలూపింది. ఆ తల ఊపడం చూసి హారికకి మనసు చివుక్కుమంది. నాలుగేళ్ళ చదువు చివర్లో ఒక మనిషి వాటాకి వచ్చింది థాంక్యూ ఒక్కటేనా? అదీ ల్యాబ్‌లో అందరికంటే ఎక్కువ సేపు నిలబడ్డ మనిషికి.

వాళ్ళ ప్రాజెక్టు ఫ్లోరైడ్ ఫిల్టర్. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు నింపిన పైపులోంచి నీళ్ళు మెల్లగా దిగుతుంటే ఫ్లోరైడ్ ఆ గుళికలకి అంటుకుపోతుంది. ఒంగోలులో చదివే సివిల్ పిల్లలకి ఈ ప్రాజెక్టు కొత్తేం కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొట్టమొదట 1937లో గుర్తించింది ఈ ప్రకాశం పల్లెల్లోనే. అప్పుడివి నెల్లూరు జిల్లాలో ఉండేవి. వంశీ మొదటి స్లయిడ్ కూడా అదే. నాగలక్ష్మిది కనిగిరి దగ్గర పల్లె అన్న సంగతి మాత్రం ఆ స్లయిడ్‌లో ఎక్కడా లేదు.

"చివరి స్లయిడ్ సంగతి తర్వాత చూద్దాం" అంది హారిక. "నాగా, రికార్డు నీ దగ్గరే ఉంది కదా? సాయంత్రం ల్యాబ్‌కి తీసుకురా. రీడింగులు ఒకసారి నాకు చూపించు."

"నువ్వు కూడా మాట్లాడాలి" అని నాగలక్ష్మికి చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. సెకండియర్‌లో ఓ సెమినార్‌లో ఇంగ్లీషు మాట ఒకటి తప్పు పలికితే క్లాసంతా నవ్వింది. అప్పట్నుంచీ అటెండెన్స్‌కి తప్ప ఆమె గొంతు వినపడలేదు. ధైర్యం చెప్పే మాటలు ఆమెకి ఇప్పటికే సరిపడా ఉన్నాయని హారికకి అనిపించింది. అందుకే ఆ ఊసే ఎత్తలేదు.

సాయంత్రం ల్యాబ్‌లో ఎవరూ లేరు. నాగలక్ష్మి రికార్డు తెరిచింది. లీటర్లు ఒక వరసలో, బయటికొచ్చిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకో వరసలో. లోపలికి పోసింది లీటరుకి 4.2 మిల్లీగ్రాములు. మొదట్లో బయటికొచ్చింది 0.6. అలా చాలా దూరం సాగి, 500 లీటర్ల దగ్గర 1 దాటింది. 540 దగ్గర 1.5. అంటే ఇక తాగకూడదన్న గీత.

మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నటి నిలువు గీతలున్నాయి. ఐదేసి గీతలకి ఒక అడ్డగీత.

"ఇవేంటి?"

నాగలక్ష్మి రికార్డు మూయబోయింది. హారిక చెయ్యి అడ్డం పెట్టలేదు, ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఊరికే కూర్చుంది. కాసేపటికి తనకే ఇబ్బందిగా అనిపించింది. అయినా నోరు విప్పలేదు. గుళికల పైపు, వాళ్ళ మాటల్లో కాలమ్, అందులోంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"బిందెలు" అంది నాగలక్ష్మి.

హారిక ఆగింది.

"మాది 15 లీటర్ల బిందె. మనం వేసింది కిలో గుళికల మందే కదా. ఇంటికైతే మూడు కిలోలు పడుద్ది. అప్పుడు 1500 లీటర్లు. అంటే వంద బిందెలు. తాగడానికీ వంటకీ రోజుకో బిందె అనుకుంటే మూడు నెల్ల మీద పది రోజులు."

"ఎందుకు లెక్కేశావు?"

ఈసారి ఎక్కువసేపు ఆగాల్సిన పని పడలేదు.

"మా ఇంటికి ఇట్టాంటిదే ఒకటిచ్చారు, నా చిన్నప్పుడు. బాగుందని రెండేళ్ళు తాగాం. లోపల మందు మార్చాలని ఎవరూ చెప్పలా. చెప్పకపోతే మాకెట్టా తెలుసుద్ది? నీళ్ళు రంగు మారలా, రుచి మారలా, వాసన రాలా. ఫ్లోరైడుకి అయ్యేమీ ఉండవు గదా. మా తాత అప్పటికే వంగిపోయాడు. ఫిల్టరు నీళ్ళు తాగుతున్నాం గదా, ఇంక నయమైద్దని రోజూ వాకిట్లో కూర్చుని ఎదురుచూసేవాడు."

గ్లాసు ఫ్లాస్కు ఒకటి తీసి వెలుతురులో పెట్టింది. ఫ్లోరైడ్ కొలిచే స్పాడ్న్స్ రంగు కలిపిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఫ్లోరైడు ఎక్కువైతే ఈ ఎరుపు తగ్గుద్ది. ఇక్కడ మనకి కనిపిస్తది. మా అమ్మకి ఈ సీసా లేదు. మన స్లయిడుల్లో ఫ్లోరైడ్ 85 శాతం తగ్గిందని రాశారు. నిజమే. ఎప్పటిదాకా తగ్గుద్దో రాయలా."

హారిక స్లయిడ్లన్నీ మనసులో ఒకసారి తిప్పుకుంది. ఎక్కడా లేదు. ప్రాజెక్టు మొత్తానికి ప్రాణం లాంటి మాట, పెన్సిల్ గీతలుగా మార్జిన్‌లో ఉండిపోయింది.

"ఇంటింటికీ ఏం చెయ్యమంటావు?"

"గోడ మీద బొగ్గుతో గీత. బిందె పోసినప్పుడల్లా ఒకటి. మా ఊళ్ళో పాల లెక్క అట్టనే రాస్తారు. మీటరొద్దు, కరెంటొద్దు. నూరో గీతకి మందు మార్చాలి."

మర్నాడు హారిక మిగతా ఇద్దరినీ ల్యాబ్‌కే పిలిచింది. "నాగ చెప్తుంది. మధ్యలో ఎవరూ అందుకోకండి" అని ముందే అంది. నాగలక్ష్మి రెండుచోట్ల ఆగిపోయింది. రెండోసారి వంశీ నోరు తెరవబోతే ఫణి మోచేత్తో పొడిచాడు. అయ్యేసరికి వంశీ తనంతట తానే ల్యాప్‌టాప్ తీసి థాంక్యూ స్లయిడ్ మీదున్న నాగలక్ష్మి పేరు తీసేశాడు.

"రిజల్ట్స్ నువ్వే చెప్పు. నేను ఖర్చు చెప్తాను" అన్నాడు ఫణి.

"ఇంగ్లీషులో..." అంది నాగలక్ష్మి.

హారిక గైడ్ మేడమ్ దగ్గరికెళ్ళి అడిగింది. తెలుగులో చెప్పినా తనకి అభ్యంతరం లేదని, టెక్నికల్ మాటలు మాత్రం సరిగ్గా ఉండాలని ఆవిడ అంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి కూడా తనే చెప్తానంది. ఇక హారిక స్క్రిప్టు రాసివ్వలేదు. బట్టీ పట్టిన వాక్యం మధ్యలో తెగితే మనిషి అక్కడే నిలిచిపోతుంది. తెలిసిన విషయాన్ని ఎటునుంచైనా అందుకోవచ్చు. తెర పక్కన నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదని నాగలక్ష్మి అంటే, ఆమె చోటుని కాలమ్ దగ్గరికి మార్చారు. మిగిలిన సమయమంతా హారిక ఎక్స్‌టర్నల్‌లా అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసింది. రెంటికి జవాబు తెలియలేదు. "తెలీదని చెప్పొచ్చా?" అని అడిగింది నాగలక్ష్మి. "చెప్పాలి" అంది హారిక.

వైవా రోజు ఎక్స్‌టర్నల్ పెద్దగా మాట్లాడే మనిషిలా లేడు. వంశీ 1937 చెప్పాడు, హారిక డిజైన్ చెప్పింది. నాగలక్ష్మి మొదలుపెట్టిన మాటలు వెనక వరసకి వినపడలేదు. కాలమ్ మీద చెయ్యి వేశాక గొంతు పెరిగింది. 500 లీటర్ల దగ్గరికొచ్చేసరికి ఆయన రాయడం ఆపి తలెత్తాడు.

"అయిపోయిన మందుని ఏం చేస్తారు?"

"కాస్టిక్ సోడాతో కడిగి, యాసిడ్‌తో సరిచేసి మళ్ళీ వాడొచ్చు సార్. కానీ అది ఇంట్లో చేసే పని కాదు. ఊరికొకరికి నేర్పాలి. కడిగిన నీళ్ళలో ఫ్లోరైడ్ బాగా ఉంటది, బోరు దగ్గర పొయ్యకూడదు. దాన్ని ఎట్టా వదిలించుకోవాలో మేం ఇంకా చెయ్యలేదు సార్."

"మందు అయిపోయిందని ఇంట్లోవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

నాగలక్ష్మి వెనక్కి తిరిగింది. "హారికా, ఆ గ్రాఫ్ మళ్ళీ పెట్టు."

హారిక పెట్టింది. నాగలక్ష్మి గీత పైకి లేచేచోట వేలు పెట్టి, బిందెల లెక్క మొత్తం చెప్పింది. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"బిందెకి 15 లీటర్లనేనా అందరికీ?"

"మాది 15 సార్. ఎవరి బిందె వాళ్ళు ముందు కొలుచుకోవాలి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో కూడా ఊరూరికీ మారిద్ది, గీతల లెక్కా మారాలి. మా ఊరి బోరుకి వంద. పక్కూరిది నేనింకా కొలవలా."