నక్షత్ర రేఖల రాత్రి: ఐదు గోడ చిత్రాలకు ప్రాంప్టులు

ఖగోళ ప్రదర్శన నడవాలో వరసగా తగిలించే ఐదు చిత్రాల కోసం, బొమ్మలు గీసే ఏఐ మోడల్‌కు రాసిన ప్రాంప్టులివి. మూడోది అడ్డం, 3:2. మిగతా నాలుగూ నిలువు, 2:3. ప్రతి చిత్రం అడుగున తెల్ల అక్షరాల్లో శీర్షిక పడుతుంది కాబట్టి అక్కడ నేల కారునలుపుగా ఉండి తీరాలి.

ఉమ్మడి భాగం (ప్రతి ప్రాంప్టు చివరా అతికించాలి)

నిజమైన ఫొటో. ట్రైపాడ్ మీద కదలని కెమెరా, 20 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 1600. 30 సెకన్ల ఫ్రేములు 240, అన్నీ కలిపి ఒకే చిత్రం. నక్షత్రాలన్నీ సన్నని గీతలే, ఒక్కటీ చుక్కగా లేదు. ప్రతి గీతా 30 డిగ్రీల చాపం, మధ్యలో తెగదు. ఎక్కువ గీతలు తెలుపు, కొన్ని లేత నీలం, అక్కడక్కడా ఒకటి నారింజ. నేల మీది వస్తువులన్నీ లోపలి వివరం కనిపించని నల్లటి సిల్హౌట్లు. ఏ గీతా వాటి మీదుగా పోదు.

వద్దనేవాటి పెట్టెలో

పాలపుంత, చంద్రుడు, ఉల్కలు, సుడి, మబ్బులు, నియాన్ రంగులు, వస్తువుల అంచున వెలుగు, చుక్కల్లాంటి నక్షత్రాలు, అక్షరాలు.

30 డిగ్రీలన్న మాట తీసేయవద్దు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, 240 ఫ్రేములంటే రెండు గంటలు, లెక్క సరిపోతుంది. ఆ అంకె లేకపోతే మోడల్ పూర్తి వలయాలు గీస్తుంది. అలాంటి వలయం పడాలంటే దాదాపు 24 గంటల చీకటి కావాలి, అది ధ్రువ ప్రాంతపు శీతకాలంలోనే దొరుకుతుంది. ఇక పాలపుంత సంగతి: రెండు గంటల్లో అది చెరిగి పొగలా మిగులుతుంది. గీతల పక్కనే నిక్కచ్చిగా మెరిసే పాలపుంత వచ్చిందంటే ఆ చిత్రం అబద్ధం. దాన్ని అసలు ప్రాంప్టులో 'పాలపుంత లేకుండా' అని కూడా రాయొద్దు. పేరు కనబడితే చాలు, గీసేస్తుంది.

1. ఎండుచెట్టు, ఉత్తర దిక్కు

ఉత్తరం వైపు చూస్తున్న నిలువు చిత్రం. కింది ఐదో వంతులో నున్నటి గుట్ట వాలు, పూర్తి నలుపు. గుట్ట మీద కుడి మూడో వంతు దగ్గర ఆకుల్లేని ఒంటరి చెట్టు. చిటారు కొమ్మల సందుల్లోంచి కూడా ఆకాశం కనబడుతుంది. ధ్రువ నక్షత్రం ఎడమ మూడో వంతు గీత మీద, క్షితిజానికి 35 డిగ్రీల ఎత్తున. గీతలన్నీ ఆ చోటి చుట్టూ ఏకకేంద్ర చాపాలు, కేంద్రం దగ్గర పొట్టివి, దూరం పోయేకొద్దీ పొడవైనవి. ధ్రువ నక్షత్రం కూడా చుక్క కాదు, కళ్లు చికిలించి చూస్తే తెలిసేంత చిన్న చాపం. క్షితిజం వెంట దూరపు ఊరి దీపాల మసక నారింజ వెలుగు, రెండు వేళ్ల మందం; పైకి నీలంలో, ఆపైన నలుపులో కలిసిపోతుంది.

ఇందులో 'సుడులు తిరిగే' లాంటి మాట చేరిస్తే చాపాలు నత్తగుల్లలా లోపలికి మెలికపడతాయి. 'ఏకకేంద్ర' అనే మాటే వాటిని పట్టి ఉంచుతుంది. చెట్టు కాండం మీద బెరడు కనబడితే ఉమ్మడి భాగంలోని సిల్హౌట్ వాక్యాన్ని ప్రాంప్టు మొదటికి జరపండి.

2. గాలిమర, తూర్పున ఓరియన్

తూర్పు వైపు చూస్తున్న నిలువు చిత్రం, 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం. నీళ్లు తోడే పాత ఇనుప గాలిమర నల్లటి సిల్హౌట్‌గా, ఎడమ పక్కన, రెక్కలు ఆగి ఉన్నాయి. దాని కాళ్ల దగ్గర తీగ కంచె. ఓరియన్ నక్షత్రమండలం ఉదయిస్తోంది. నడుం దగ్గరి మూడు నక్షత్రాలవి దాదాపు తిన్నని గీతలు, క్షితిజంతో 60 డిగ్రీల కోణంలో కుడివైపుకు వాలి ఉన్నాయి. వాటికి ఎడమన ఉన్న గీతలు మెల్లగా ఎడమకు వంగుతాయి, కుడిన ఉన్నవి కుడికి. ఎడమన బెటెల్‌గీస్ గీత నారింజ, కుడిన రైజెల్ గీత నీలి తెలుపు. ఈ రెండూ మిగతావాటికన్నా మందం. సూర్యుడింకా క్షితిజానికి 15 డిగ్రీల కింద ఉన్నాడు. నేలను ఆనుకుని ఉక్కురంగు నీలపు సన్నని వెలుగు.

ఐదింటిలో ఎక్కువగా పాడయ్యేది ఇదే. నక్షత్ర రేఖలంటే వలయాలేనని మోడల్‌కు అలవాటు కాబట్టి తూర్పున కూడా ఒక కేంద్రం పెట్టేస్తుంది. అలా జరిగితే 'ధ్రువం, వలయ కేంద్రం' అన్నవి వద్దనేవాటి పెట్టెలో చేర్చండి. గాలిమర రెక్కలు మసకబారినా తప్పు కాదు. కానీ ఆగి ఉంటేనే సిల్హౌట్ పదునుగా నిలుస్తుంది.

3. చెరువు, పడవల రేవు

అడ్డం చిత్రం, ఉత్తర దిక్కు. నీటి గీత సరిగ్గా మధ్యలో. ధ్రువ నక్షత్రం 25 డిగ్రీల ఎత్తున, పై అంచుకు దగ్గర్లో; దాని ప్రతిబింబ కేంద్రం నీటిలో అంతే లోతున, కింది అంచుకు దగ్గర్లో. అలల్లేని చెరువు. నీటిలోని చాపాలు పైవాటికి తలకిందుల నకలు, కానీ సగం వెలుగుతో, అంచులు కాస్త మెత్తబడి. కింది అంచు నుంచి చెక్కల రేవు నీటిలోకి సాగింది, పూర్తి నలుపు. దాని కొసన కట్టేసిన చిన్న పడవ. అవతలి గట్టు మీద చెట్ల వరస సన్నని నల్లటి పట్టీ, దాని వెనక పసుపు నారింజ మసక వెలుగు, నీటిలో దాని నీడ.

శీర్షిక రేవు చెక్కల మీద పడుతుంది. నీటిలోని గీతలు పైవాటంత మెరుస్తుంటే ఏది నీరో ఏది నింగో తెలియదు. 'సగం వెలుగు' అన్నది అందుకే.

4. దూరదర్శిని దగ్గర మనిషి

ఉత్తర దిక్కు, నిలువు. చదునైన నేల మీద ట్రైపాడ్, దానిపై దూరదర్శిని, పక్కన వంగి చూస్తున్న మనిషి, అంతా ఒకే నల్లటి సిల్హౌట్. ట్రైపాడ్ కాళ్ల మధ్య, మోచేతి వంపులో ఆకాశం స్పష్టంగా కనబడుతుంది. గీతలు తోకచుక్కల్లా ఉన్నాయి: ఒక కొస మెరిసే తల, రెండో కొస చీకట్లో కరిగిపోతుంది. తలలన్నీ అపసవ్య దిశలో ముందున్నాయి, ధ్రువానికి పైనవి ఎడమవైపుకు, కిందివి కుడివైపుకు. క్షితిజాన బూడిద నీలపు వెలుగు.

రెండు గంటలు మనిషి కదలకుండా నిలబడలేడు. ఫొటోగ్రాఫర్లు ఆ సిల్హౌట్‌ను ఒక్క ఫ్రేములోంచి తెచ్చి కలుపుతారు, కాబట్టి పదునుగా ఉండటం సబబే.

5. దీపం లేని దీపస్తంభం, దక్షిణ ఖగోళ ధ్రువం

దక్షిణార్ధగోళం, దక్షిణం వైపు, నిలువు. రాతి కొండకొమ్మున దీపం ఆర్పేసిన పాత దీపస్తంభం, నల్లటి సిల్హౌట్. చాపాల కేంద్రం దాని శిఖరానికి కొంచెం కుడిన, 35 డిగ్రీల ఎత్తున. ఆ కేంద్రంలో మెరిసే నక్షత్రమేదీ లేదు, ఖాళీ చీకటి. క్షితిజానికి కాస్త పైన వాయుకాంతి లేత ఆకుపచ్చ పట్టీ, కనీకనబడనట్టు. తెరల్లా వేలాడదు, కదలదు.

వాయుకాంతి అంటే ఎగువ వాతావరణం తనంతట తాను ఇచ్చే మసక వెలుగు. కానీ 'ఆకుపచ్చ' అనగానే మోడల్ అరోరా గీస్తుంది. చివరి రెండు మాటలు దాన్ని ఆపడానికే. దీపం వెలిగిస్తే రెండు గంటల్లో దాని కిరణం విసనకర్రలా పరుచుకుని గీతల్ని మింగేస్తుంది.