పలక చిన్నవాళ్ళ చేతికే

అందరికీ నమస్కారం. హెడ్మాస్టర్ గారికి, మాస్టార్లకి, టీచర్లకి, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న అమ్మానాన్నలకి, ముఖ్యంగా మాటలు తప్పుల్లేకుండా రాసే ఈ పోటీకి ఆరు బల్లల దగ్గర కూర్చున్న పద్దెనిమిది మందికీ. ఏటర్రా, అప్పుడే అంత టెన్షనా? కాసిన్ని నీళ్ళు తాగండి. సుద్దముక్కలు కింద పెట్టండి, నేను చెప్పేదాకా వాటితో పనిలేదు.

ఈ రోజు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో ఇదే రోజున మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తెలుగు భాషా దినోత్సవం ఈ రోజు జరుపుకుంటున్నది అందుకే. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూనే ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలు తమ మాటలోనే చదువుకోవాలని వాళ్ళ కోసం పుస్తకాలు రాశారు. మన బడి పుస్తకాల్లో మనం మాట్లాడుకునే తెలుగు ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజున పోటీ పెట్టి, వాడుకలో ఉన్న మాటకు సున్నా వేస్తే నాకే మనసొప్పదు. అందుకని రెండు రకాలుగానూ చెల్లే మాటను ఎలా రాసినా ఒప్పుకుంటాం. పెళ్లి అని ల వత్తుతో రాసినా, పెళ్ళి అని ళ వత్తుతో రాసినా పది మార్కులూ మీవే.

అయితే అర్థం, అర్ధం దగ్గర ఆ వెసులుబాటు లేదు. మొదటిది మాటకు భావం, రెండోది సగం. విద్యార్థి అని రాసేటప్పుడు కింద థ వత్తులో ఒక చిన్న చుక్క ఉంటుంది చూడండి, తొందరలో ఎక్కువమంది ఎగరగొట్టేసేది దాన్నే. రాయడం అయ్యాక పలక ఎత్తే ముందు ఒక్కసారి వత్తులన్నీ చూసుకోండి. ముప్పై సెకన్లు ఇస్తున్నాను, తక్కువేం కాదు.

ఇప్పుడు జట్ల సంగతి. అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ. ప్రతి జట్టులో నాలుగు, అయిదు తరగతుల నుంచి ఒకరు, ఆరు నుంచి ఎనిమిది దాకా ఒకరు, తొమ్మిది, పది తరగతుల నుంచి ఒకరు. పలక మాత్రం అందరికంటే చిన్నవాళ్ళ చేతిలోనే ఉండాలి. పెద్దవాళ్ళు చెవిలో చెప్పొచ్చు, వేలితో బల్ల మీద రాసి చూపించొచ్చు, సుద్దముక్క మాత్రం ముట్టుకోకూడదు. పదో తరగతి అన్నలూ, అక్కలూ, ఇది మీకు కష్టమని తెలుసు. చిన్నది తప్పు రాస్తుంటే చెయ్యి ఆగదు. కానీ మీరు లాక్కుని రాసేస్తే ఆ మాట మీకు ముందే వచ్చు, వాళ్ళకు ఎప్పటికీ రాదు. విసుక్కోకుండా చెప్పండి. వాళ్ళు "కాదన్నా, ఇలా కదా" అంటే ఒక్క క్షణం ఆగి వినండి. నిన్న మొన్ననే గుణింతాలు దిద్దిన చేతులవి, దీర్ఘాలు వాళ్ళకే బాగా గుర్తుంటాయి.

మాట నేను రెండుసార్లు చెబుతాను, తర్వాత ఒక వాక్యంలో పెట్టి చెబుతాను. వినపడకపోతే "ఇంకోసారి సార్" అనండి, మార్కులు తగ్గవు. రెండో రౌండు ఇంగ్లీషు. అందులో నైఫ్‌కు ముందున్న కె లాంటి, పలకని అక్షరాలు చాలా దాక్కుని ఉన్నాయి.

మూడోది గళ్ళ నుడికట్టు. ఒక గడిలో ఒక అక్షరం, దాని గుణింతం, వత్తు, సున్నాతో సహా. స్త్రీ అన్న మాటకు ఒక్క గడే. నమూనాకు ఒకటి చేద్దాం. అడ్డం, నాలుగక్షరాలు: మన జిల్లాలో పారే నది. ఆ, చేతులు లేచాయి! సగం మంది నాగావళి అంటున్నారు, సగం మంది వంశధార అంటున్నారు. రెండూ నాలుగక్షరాలే, రెండూ మన జిల్లావే. మరి ఏది రాయాలి? మూడో గడి నుంచి కిందికి దిగే మాట చూడండి. నిలువు, రెండక్షరాలు: నూర్పులయ్యాక బస్తాలకెక్కేది. ధాన్యం! మూడో గడిలో ధా పడింది, కాబట్టి వంశధార. అడ్డం తట్టకపోతే నిలువుకు వెళ్ళండి, నిలువు తట్టకపోతే మళ్ళీ అడ్డానికి రండి. తెలిసినట్టే అనిపించిన జవాబును కూడా పక్క గడితో సరిచూసుకున్నాకే నింపండి.

అమ్మానాన్నలకు ఒక్క మనవి. జవాబు మీకు తెలిసినా పెదవులు కూడా కదపకండి, పిల్లలు మీ మొహాలే చూస్తారు. చప్పట్లు మాత్రం అన్ని జట్లకూ గట్టిగా కొట్టండి.

అ జట్టూ, సిద్ధమేనా? పలక చిన్నారికి ఇచ్చారా? మంచిది. మొదటి మాట: కృతజ్ఞత. కృతజ్ఞత. సాయం చేసినవారి పట్ల కృతజ్ఞత చూపాలి. ముప్పై సెకన్లు, రాయండి.